పొడికీ చోటు కావాలి

పిల్లల వార్డులో కొత్తగా చేరిన సిస్టర్‌కి మందు కలపడం నేర్పేటప్పుడు నేను మొదట వయల్ చేతికివ్వను. గాజు గ్లాసులో సగం దాకా నీళ్లు పోయిస్తాను. నీటి మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టించి, నాలుగు చెంచాల పంచదార వేసి కలపమంటాను. పంచదార పూర్తిగా కరిగిపోతుంది, కంటికి కనిపించదు. కానీ నీళ్లు మాత్రం గీత దాటి పైకి వచ్చి ఉంటాయి. కరిగినా పొడి ఎక్కడికీ పోలేదు, నీళ్లలోనే చోటు చేసుకుని కూర్చుంది. వయల్లో ఉన్న మందు పొడీ అంతే.

ఇది నాకు పుస్తకం చదివితే అర్థమైన సంగతి కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఆరు కిలోల పాపకి నిమోనియా. డాక్టర్ గారు ఆంపిసిలిన్ రాశారు: కిలోకి 50 మి.గ్రా. చొప్పున, ఆరు గంటలకొకసారి. అంటే డోసుకి 300 మి.గ్రా. మా దగ్గరున్నది 500 మి.గ్రా. వయల్. నేను లెక్క సులువుగా ఉంటుందని రెండున్నర మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపాను. 500ని రెండున్నరతో భాగిస్తే మి.లీ.కి 200 మి.గ్రా. కాబట్టి 300 మి.గ్రా.కి ఒకటిన్నర మి.లీ. లోడ్ చేసి ట్రేలో పెట్టాను. సీనియర్ మేడమ్ వచ్చి సిరంజి వైపు కాదు, నేను పక్కన పెట్టేసిన వయల్ వైపు చూశారు.

"ఇందులో ఎంత మిగలాలమ్మా?"

"ఒక మి.లీ. మేడమ్."

"తీసి చూడు."

వేరే సిరంజితో తీశాను. 1.4 మి.లీ. వచ్చింది. కలిపింది రెండున్నర, తీసుకుంది ఒకటిన్నర, మిగిలింది 1.4. ఆ 0.4 ఎక్కడిదో అర్థం కాక నిలబడిపోయాను. అది పొడి ఆక్రమించిన చోటు. వయల్లో తయారైంది రెండున్నర మి.లీ. కాదు, 2.9 మి.లీ. అంటే మి.లీ.లో ఉన్నది 200 కాదు, దాదాపు 172 మి.గ్రా. నేను లోడ్ చేసిన ఒకటిన్నర మి.లీ.లో 300కి బదులు 259 మి.గ్రా. మాత్రమే ఉంది. డోసుకి 41 మి.గ్రా. తక్కువ. రోజుకి నాలుగు డోసులు అలాగే ఇస్తే, పాపకి రోజూ సగం డోసు కంటే ఎక్కువే అందకుండా పోతుంది. జ్వరం తగ్గకపోతే మందు పనిచేయడం లేదనుకుంటాం, మందు మారుస్తాం. మందు సరిగ్గా వెళ్లలేదని ఎవరికీ తట్టదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల వైద్యం కోసం వేసిన చిన్న పుస్తకంలో ఈ వయల్‌కి కలపమన్నది 2.1 మి.లీ. నీళ్లు. పొడి చోటు 0.4 కలిస్తే రెండున్నర అవుతుంది, అప్పుడే మి.లీ.కి 200 మి.గ్రా. లెక్క నిజమవుతుంది. అయితే ఈ 2.1ని బట్టీ పట్టి ప్రతి వయల్‌కీ వాడకూడదు. పొడి ఆక్రమించే చోటు మందుని బట్టి మారుతుంది, ఒకే మందులో కంపెనీని బట్టి కూడా కొంచెం మారవచ్చు. పెట్టెలో మడతపెట్టి ఉండే కాగితంలో ఎన్ని మి.లీ. కలిపితే మి.లీ.కి ఎంత మందు వస్తుందో రాసి ఉంటుంది. వార్డులో ఎవరి నోటి లెక్క ఎలా ఉన్నా, చేతిలో ఉన్న వయల్‌కి ఆ కాగితమే ప్రమాణం. పెద్దవాళ్ల వార్డులో చాలాసార్లు వయల్ మొత్తం ఒకే మనిషికి వెళ్తుంది, అక్కడ ఈ 0.4 ఎవరికీ అడ్డురాదు. అందుకే అక్కడి నుంచి వచ్చిన అనుభవజ్ఞులైన సిస్టర్లు కూడా పిల్లల వార్డులో దీని దగ్గర పొరబడతారు.

ఇక కలపడం. ముందు పాపకి పెన్సిలిన్ రకం మందులు ఎప్పుడైనా పడలేదా అని తల్లిని అడగాలి. చేతులు కడుక్కోవాలి. తర్వాత వయల్ మీద పేరు, బలం, గడువు తేదీ చదివినట్టే నీళ్ల ఆంప్యూల్ మీద పేరూ చదవాలి. నీళ్లే కదా అని చూడకుండా తీసేయడం నాకు భయం. 2014 సెప్టెంబరులో సిరియాలోని ఇడ్లిబ్‌లో తట్టు టీకా పొడిని కలిపే ద్రావణం అనుకుని, ఆపరేషన్ థియేటర్‌లో కండరాల్ని సడలించడానికి వాడే అట్రాక్యూరియం కలిపారు. 15 మంది పసిపిల్లలు చనిపోయారు. మన ట్రేలోనూ నీళ్ల ఆంప్యూల్ పక్కనే అచ్చం అలాగే కనిపించే ఆంప్యూల్ ఇంకేదైనా ఉండవచ్చు.

వయల్ మీది ప్లాస్టిక్ మూత తీసేశాక కింది రబ్బరు శుభ్రంగా కనిపిస్తుంది, కానీ అది స్టెరైల్ అని అనుకోకూడదు. స్పిరిట్ దూదితో గట్టిగా రుద్ది ఆరనివ్వాలి. స్పిరిట్ ఆరుతూనే పనిచేస్తుంది కాబట్టి నోటితో ఊదడం, చేత్తో విసరడం వద్దు. సూది గుచ్చే ముందు వయల్‌ని వేలితో రెండుసార్లు తట్టండి. అడుగున గడ్డకట్టిన పొడి వదులవుతుంది, రబ్బరు కింద మెడ దగ్గర అంటుకున్నది కిందికి రాలుతుంది. లేకపోతే అది కరగకుండా అక్కడే ఉండిపోతుంది.

2.1 మి.లీ. తీయడానికి సిరంజి కూడా చూసుకోవాలి. 2 మి.లీ. సిరంజిలో పట్టదు. 5 మి.లీ. సిరంజిలో సాధారణంగా గీతలు 0.2 చొప్పున ఉంటాయి కాబట్టి, 2.0కీ 2.2కీ సరిగ్గా మధ్యలో ఆపాలి. 3 మి.లీ. సిరంజి దొరికితే 0.1 గీత మీదే ఆపవచ్చు.

సూది వాలు ముఖం పైకి ఉంచి, రబ్బరులోకి కొంచెం ఏటవాలుగా మొన దింపి, తర్వాత నిటారుగా చేసి లోపలికి తోయండి. తిన్నగా పొడిస్తే సూది రబ్బరుని చిన్న ముక్కగా కోసి లోపలికి తోసే అవకాశం ఉంది. నీళ్లు గాజు గోడ వెంట నెమ్మదిగా జారేలా వదలండి. పొడి మీద జోరుగా కొడితే నురగ లేస్తుంది. నీళ్లు వెళ్లేకొద్దీ లోపలి గాలి ఇరుకుపడి ప్లంజర్‌ని వెనక్కి తోస్తుంది. దానితో కుస్తీ పట్టకండి. వయల్ నిలువుగా ఉండగానే, సూది మొన ద్రవం పైన ఉంచి, నీళ్లు ఎన్ని ఇచ్చారో అంత గాలిని సిరంజిలోకి రానివ్వండి. ఇది వదిలేసి సూది పీకేస్తే రంధ్రంలోంచి మందు చిమ్ముతుంది, చేతి మీద పడేది మందే, పోయేది డోసే.

వయల్‌ని రెండు అరచేతుల మధ్య పెట్టి దొర్లించండి. దగ్గు సిరప్ సీసాలా ఊపితే లోపల సన్నటి బుడగలు పుట్టి, అవే తర్వాత సిరంజిలోకి వస్తాయి. పూర్తిగా కరిగిందా అన్నది గడియారం చెప్పదు, కన్నే చెప్పాలి. వెలుతురుకి ఎత్తి, అడుగునా మెడ దగ్గరా చూడండి. తేటగా ఉండాలి. రేణువులు తేలుతున్నా, రబ్బరు తునక కనిపించినా ఆ వయల్ పక్కన పెట్టేయాల్సిందే. నురగ ఉంటే అది దిగేదాకా ఆగండి.

ఇప్పుడు లోడ్ చేయడం. 2 మి.లీ. సిరంజి తీసుకుని, రబ్బరుని మళ్లీ తుడిచి, సుమారు ఒకటిన్నర మి.లీ. గాలి లోపలికి ఇవ్వండి. గాలి ఇవ్వకుండా లాగితే వయల్లో వెలితి ఏర్పడి ద్రవం రానంటుంది. మనం ఇంకా గట్టిగా లాగుతాం, సూది సిరంజికి కలిసే చోట సందులోంచి బయటి గాలి దూరుతుంది. బుడగలు చాలావరకు ఇక్కడే పుడతాయి. సూది వదులుగా ఉన్నా ఇదే జరుగుతుంది. వయల్ తలకిందులు చేసి, సూది మొన ఎప్పుడూ ద్రవంలో మునిగి ఉండేలా, మట్టం తగ్గేకొద్దీ సూదిని కిందికి లాక్కుంటూ, నిదానంగా లాగండి. ఒకటిన్నర దాటి కొంచెం ఎక్కువే తీయండి.

బుడగలు వస్తే సూది బయటికి తీయకుండానే పంపించేయాలి. సిరంజిని నిలువుగా పట్టుకుని గోడ మీద వేలితో చిటికె కొట్టినట్టు కొట్టండి. చిన్న బుడగలు కదిలి, ఒకదాన్నొకటి కలిసి పైకి చేరతాయి. ప్లంజర్ రవ్వంత వెనక్కి లాగితే సూది మొదట్లో ఇరుక్కున్న గాలి కూడా వీటితో కలుస్తుంది. అప్పుడు మెల్లగా తోసి గాలినీ, అదనపు మందునీ వయల్లోకి పంపి, 1.5 దగ్గర ఆపండి. అది చూసేది గీతని కంటికి సమానంగా పెట్టుకుని. ప్లంజర్ రబ్బరుకి రెండు వలయాలుంటాయి. ద్రవాన్ని తాకే పై వలయం అంచే లెక్క, మధ్యలో పొడుచుకొచ్చిన మొన కాదు, కింది వలయం కాదు.

బుడగ అనగానే అందరూ అది రక్తంలోకి పోతుందనే భయపడతారు. పసిపిల్లల విషయంలో ఆ భయానికి కారణం ఉంది. గుండె పై గదుల మధ్య పుట్టుకతో ఉండే దారి వాళ్లలో ఇంకా పూర్తిగా మూసుకుపోకపోవచ్చు. సిరలో ఇచ్చిన గాలి ఆ దారిలో ఎడమ వైపు దాటితే మెదడుకి చేరగలదు. అందుకే క్యాన్యులాలోకి ఇచ్చేటప్పుడు చిన్న బుడగ కూడా వద్దు. కానీ దీనికంటే తరచుగా జరిగే నష్టం ఇంకొకటి. బుడగ కూడా గీతల మధ్య చోటు పడుతుంది. 0.1 మి.లీ. బుడగ ఉంటే ఆ మేర 20 మి.గ్రా. ఆంపిసిలిన్ తక్కువ వెళ్లినట్టే. మొదట పొడి చోటుని మరిచి ఒకసారి డోసు తగ్గించి, ఇప్పుడు గాలి చోటుని మరిచి ఇంకోసారి తగ్గిస్తే, పాప ఛార్టులో మాత్రం 300 అనే ఉంటుంది.

డోసు సరిచూసుకున్నాక సూది తీసి, సిరంజి మీద పాప పేరు, మందు, ఎంత, ఎన్ని గంటలకి కలిపారో రాసిన స్టిక్కర్ అంటించండి. సిరలో అయితే 3 నుంచి 5 నిమిషాలు తీసుకుని నెమ్మదిగా ఇవ్వాలి. అదే పాపకి జెంటామైసిన్ కూడా రాసి ఉంటే దాన్ని ఇదే సిరంజిలో కలపకూడదు. ఆంపిసిలిన్ దాని బలాన్ని తగ్గిస్తుంది. మధ్యలో సెలైన్‌తో క్యాన్యులా కడిగి విడిగా ఇవ్వాలి.

సరిగ్గా కలిపి ఒకటిన్నర తీశాక వయల్లో దాదాపు ఒక మి.లీ. మిగులుతుంది. ఆ మిగిలినది పారేయడానికి కొత్త సిస్టర్లకి మనసొప్పదు, వచ్చే డోసుకి ఫ్రిజ్‌లో పెడదామా అని అడుగుతారు. ఆంపిసిలిన్ నీళ్లలో కలిపాక గంట లోపలే వాడాలి, ఆ తర్వాత బలం తగ్గుతూ పోతుంది. తర్వాతి డోసు ఆరు గంటలకి. దానికి కొత్త వయల్, కొత్త నీళ్లు, మళ్లీ 2.1 మి.లీ.