మార్చి 31 దాటిన డబ్బు

ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో విశ్వవిద్యాలయాల్లోని శాఖాధిపతులందరికీ ఫైనాన్స్ ఆఫీసర్ దగ్గర్నుంచి ఒక మెమో వస్తుంది. ఖర్చు కాని నిధులను వచ్చే ఆర్థిక సంవత్సరానికి కొనసాగించుకోవడం ఎలా, అందుకు షరతులేమిటి, ఏ కాగితం ఏ తేదీలోగా పంపాలి అన్నది దాని సారాంశం. చాలామంది హెచ్ఓడీలు దాని మీద చిన్న సంతకం పెట్టి ఆఫీసు గుమాస్తాకు పంపేస్తారు. ఏప్రిల్‌లో మాత్రం అకౌంట్స్ సెక్షన్‌కు వాళ్లే స్వయంగా వస్తారు. ‘మా ప్రాజెక్టులో ఇరవై లక్షలు మిగిలాయి కదండీ, అవెక్కడ?’ అని అడగడానికి.

ఆ ప్రశ్నకు జవాబు మెమోలోనే ఉంటుంది. కాకపోతే నిబంధనల భాషలో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నిధులిచ్చిన ఒక పరిశోధన ప్రాజెక్టును ఉదాహరణగా పెట్టుకుని దాన్ని మామూలు మాటల్లో చూద్దాం.

ముందు అసలు సంగతి. ప్రభుత్వ సొమ్మును చట్టసభ ఒక ఏడాదికే మంజూరు చేస్తుంది. ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగిసే ఆ ఏడాదిలో ప్రభుత్వ శాఖ ఖర్చు పెట్టని మొత్తం మురిగిపోతుంది. తర్వాతి ఏడాదికి మళ్లీ చట్టసభ ఆమోదం కావాలి. విశ్వవిద్యాలయానికి గ్రాంటుగా వచ్చేసిన డబ్బు ఆ పద్ధతిలో రాత్రికి రాత్రే మాయం కాదు. అలాగని అది మనది అయిపోదు కూడా. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు, అంటే 2017 నాటి జీఎఫ్ఆర్, 230వ నిబంధనలో ఒక మాట చెబుతాయి. ఒకే పనికి ఏటా గ్రాంటు ఇస్తున్నప్పుడు, నిరుడు మిగిలినదాన్ని లెక్కలోకి తీసుకునే ఈ ఏటి గ్రాంటు మంజూరు చేయాలి. హెచ్ఓడీల ఆశలన్నీ తలకిందులయ్యేది ఈ వాక్యం దగ్గరే.

రసాయన శాస్త్ర శాఖలో మూడేళ్ల ప్రాజెక్టు ఒకటి ఉందనుకుందాం. మొదటి ఏడాది సెప్టెంబరులో 24 లక్షలు వచ్చాయి. అందులో 18 లక్షలు ఒక పరికరం కొనడానికి, 6 లక్షలు రసాయనాలు, గాజు సామాను, ప్రయాణాల వంటి వాటికి. రెండో ఏడాదికి మంజూరైనది 8 లక్షలు, అదంతా రోజువారీ ఖర్చులకే. పరికరానికి టెండర్లు పిలిచి, ధరలు పోల్చి చూసి, జనవరిలో 16 లక్షల 50 వేలకు పర్చేజ్ ఆర్డర్ ఇచ్చారు. అది మేలో గానీ రాదు. రసాయనాలకు మార్చి 31 నాటికి అయిన ఖర్చు 2 లక్షల 40 వేలు. మొత్తం మిగులు 21 లక్షల 60 వేలు. ఈ లోపు బ్యాంకు ఖాతాలో 35 వేలు వడ్డీ కూడా పడింది.

ప్రొఫెసరు గారి లెక్క ఇలా ఉంటుంది: రసాయనాల పద్దులో 3 లక్షల 60 వేలు మిగిలాయి, వచ్చే ఏడాది 8 లక్షలు వస్తాయి, వెరసి 11 లక్షల 60 వేలు చేతిలో ఉంటాయి. నిధులిచ్చే సంస్థ లెక్క వేరు. రెండో ఏడాదికి అవసరం 8 లక్షలు, మీ దగ్గర ఇప్పటికే 3 లక్షల 60 వేలు ఉన్నాయి, కాబట్టి మేం పంపేది 4 లక్షల 40 వేలే. మిగులు కొనసాగడమంటే అర్థం ఇదే. అది కొత్త గ్రాంటు మీద అదనం కాదు, కొత్త గ్రాంటులోంచి తీసివేత. మొదటి ఏడాది చేయాల్సిన ప్రయోగాలు వెనకబడి వాటికీ డబ్బు కావాలనుకుంటే, ఎందుకు కావాలో వివరిస్తూ సంస్థకు విడిగా రాసుకోవాలి. మెమోలో ‘సమర్థన జతపరచాలి’ అని ఒక ముక్కలో తేల్చేసేది దీన్నే.

పరికరం పద్దులో 18 లక్షలూ ఖర్చు కానివే. ఆర్డర్ ఇచ్చాం కదా అని దాన్ని ఖర్చుగా చూపకూడదు. కానీ 16 లక్షల 50 వేలకు ఆర్డర్ ఉంది కాబట్టి ఆ మేరకు డబ్బు కట్టుబడి ఉందని కాగితం మీద నిరూపించవచ్చు. మిగిలిన లక్షా 50 వేలకు ఏ ఆధారమూ లేదు. ‘దాంతో రసాయనాలు కొనేద్దాం’ అనుకోవడం సహజం, కానీ కుదరదు. ఆస్తి కొనడానికి ఇచ్చిన డబ్బు ఒక పద్దు, రోజువారీ ఖర్చులది ఇంకో పద్దు. ఒకదాన్నుంచి మరోదానికి మార్చాలంటే ఇచ్చినవాళ్ల లిఖితపూర్వక అనుమతి ఉండాలి. ఇక వడ్డీ 35 వేలు. దాన్ని లెక్కలు ఖరారైన వెంటనే భారత ప్రభుత్వ ఖజానాకు జమ చేయాల్సిందే. వచ్చే విడత నుంచి మినహాయించుకోండి అంటే నిబంధనలు ఒప్పుకోవు. భారత్‌కోశ్ పోర్టల్‌లో కట్టి ఆ రసీదును జత చేయాలి.

ఇదంతా చేరేది యూసీ అని అందరూ పిలిచే వినియోగ ధ్రువపత్రంలో. విశ్వవిద్యాలయాల వంటి సంస్థలకు దాని నమూనా జీఎఫ్ఆర్ 12-ఎ. అందులో గడులు వరుసగా ఉంటాయి: నిరుటి మిగులు, దాని మీద వడ్డీ, ఖజానాకు తిరిగి కట్టిన వడ్డీ, ఈ ఏడాది వచ్చిన గ్రాంటు, మొత్తం, ఖర్చు, ఆఖరి మిగులు. మన ప్రాజెక్టు యూసీలో ఖర్చు 2,40,000, మిగులు 21,60,000 అని పడుతుంది. దాని కింద పద్దులవారీగా 18,00,000, 3,60,000 అని మళ్లీ విడగొట్టాలి. వచ్చే ఏడాది యూసీలో మొదటి గడిలో ఇదే 21,60,000 కనిపించాలి. ఒక్క రూపాయి తేడా వచ్చినా ఫైలు తిరుగు టపాలో వస్తుంది. ఏళ్ల తరబడి సాగుతున్న ప్రాజెక్టుల్లో గొడవలకు మూలం ఎక్కువగా ఈ రెండు గడులు కలవకపోవడమే. యూసీ ఇవ్వడానికి నిబంధన ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిశాక పన్నెండు నెలల గడువుంది. కానీ నిరుటి యూసీ అందకుండా ఈ ఏటి డబ్బు రాదు. అందిన తర్వాత కూడా, 75 శాతం దాటి విడుదల చేయాలంటే ఆడిట్ అయిన లెక్కలు కావాలి. పన్నెండు నెలలున్నాయి కదా అని కూర్చుంటే ప్రాజెక్టు పస్తుంటుంది. అకౌంట్స్ వాళ్లు ఏప్రిల్‌లోనే వెంటపడేది అందుకే.

ఇప్పుడు గడువులు. తేదీలు ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటాయి గానీ వరుస మాత్రం దాదాపు ఒకటే. కొత్త ఇండెంట్లకు జనవరి ఆఖరు, చెల్లించాల్సిన బాకీల జాబితాకు ఫిబ్రవరి మధ్య, బిల్లులకు మార్చి మధ్య అనుకోండి. వీటిలో శాఖలు తేలిగ్గా తీసుకునేది రెండోది, నష్టపోయేదీ దాని వల్లే. ఆ జాబితాలో రాయాల్సింది ‘పరికరం కొనాలి’ అన్న సంకల్పం కాదు. ఇండెంట్ పెట్టామన్నా చాలదు. పర్చేజ్ ఆర్డర్ సంఖ్య, తేదీ, మొత్తం, సరుకు ఎప్పుడొస్తుంది, ఏ పద్దు కింద అన్న వివరాలుండాలి. ఆర్డర్ లేని మొత్తాన్ని వచ్చే ఏడాదికి అడగడానికి ఫైనాన్స్ ఆఫీసర్ చేతిలో వాదన ఉండదు.

ఈ జాబితాకు 2022 తర్వాత ప్రాణం లేచొచ్చింది. అంతకు ముందు గ్రాంటు డబ్బు విశ్వవిద్యాలయం బ్యాంకు ఖాతాలో ఉండేది. మార్చి 31 వచ్చినా అక్కడే ఉండేది. 2022 మార్చిలో కేంద్ర ఆర్థిక శాఖ వ్యయ విభాగం తన పథకాల నిధుల పద్ధతి మార్చింది. పెద్ద పథకాల్లో చాలావాటికి ఇప్పుడు డబ్బు చేతికివ్వరు, రిజర్వ్ బ్యాంకు దగ్గరి ఖాతాలో ఇంత వరకు వాడుకోవచ్చని పరిమితి ఇస్తారు. బిల్లు కట్టేటప్పుడే డబ్బు కదులుతుంది. వాడని పరిమితి మార్చి 31తో రద్దవుతుంది. మన పరికరం మేలో వచ్చేసరికి పర్చేజ్ ఆర్డర్ ఉంటుంది, మంజూరు ఉత్తర్వు ఉంటుంది, కానీ ఖాతాలో పరిమితి సున్నా. కొత్త పరిమితి వచ్చేదాకా కంపెనీవాడు ఎదురు చూడాలి, లేదా విశ్వవిద్యాలయమే చేబదులు సర్దాలి. కాబట్టి ఏ ప్రాజెక్టు డబ్బు పాత పద్ధతిలో ఉందో, ఏది కొత్త పద్ధతిలో ఉందో హెచ్ఓడీకి ముందే తెలియాలి. కొత్త పద్ధతిలోదైతే సరుకు మార్చి మొదటి వారానికల్లా చేతికందేలా ఆర్డర్‌లోనే గడువు రాయించుకోవాలి.

ఈ ఒత్తిడిలోనే ఒక తప్పుడు దారి తెరుచుకుంటుంది. మార్చి 28న కంపెనీకి చెక్కు ఇచ్చేయడం, సరుకు రాకుండానే స్టాకు రిజిస్టరులో ఎక్కించడం, యూసీలో ఖర్చుగా చూపడం. దీన్ని పట్టుకోవడానికి ఆడిటర్‌కు పెద్ద తెలివితేటలేమీ అక్కర్లేదు. రవాణా ఈ-వే బిల్లు తేదీ, డెలివరీ చలానా, పరికరం బిగించి నడిపి చూపిన నివేదిక, ఈ మూడూ మే నెలవై ఉంటే, స్టాకు రిజిస్టరులో మార్చి 30న ఎలా ఎక్కిందని అడుగుతాడు. అంత సేపు కూడా పట్టదు, రిజిస్టరులో వరుస సంఖ్యల మధ్య ఇరికించిన పద్దును చూస్తే చాలు. పైగా ప్రైవేటు కంపెనీలకు ముందస్తు చెల్లింపు మామూలుగా 30 శాతం దాటకూడదని నిబంధన. అడ్వాన్సు అడ్వాన్సే, సరుకొచ్చి లెక్క తేలేదాకా అది ఖర్చు కాదు. సంవత్సరాంతంలో హడావిడిగా ఖర్చు చేయడం ఆర్థిక క్రమశిక్షణను ఉల్లంఘించడమేనని జీఎఫ్ఆర్ 62వ నిబంధన సూటిగానే చెబుతుంది.

హడావిడి ఒక్క మన దేశానిదే కాదు. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 30తో ముగుస్తుంది. అక్కడి కొనుగోళ్లను పరిశీలించి ఆర్థికవేత్తలు జెఫ్రీ లీబ్‌మన్, నీల్ మహోనీ 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆఖరి వారంలో ఖర్చు మిగతా వారాల సగటుకు దాదాపు అయిదు రెట్లు ఉందని, ఆ వారంలో మొదలైన కంప్యూటర్ ప్రాజెక్టుల నాణ్యత తక్కువగా ఉందని తేలింది. న్యాయశాఖకు మాత్రం కంప్యూటర్ పనులకు మిగులును వచ్చే ఏడాదికి తీసుకెళ్లే ప్రత్యేక అధికారం ఉంది. అక్కడ సంవత్సరాంతంలో నాణ్యత పడిపోలేదు. మిగులును కొనసాగించనిస్తే జనం బద్ధకిస్తారనే వాదన మన ఆఫీసుల్లో తరచూ వినిపిస్తుంది. ఈ అధ్యయనం చూశాక నాకు మాత్రం షరతులతో కొనసాగించనివ్వడమే చవక అనిపిస్తుంది.

ఇంకో చిక్కుంది, అది హెచ్ఓడీ తప్పు కాదు. నిధులిచ్చే సంస్థ కూడా తన బడ్జెట్ మురిగిపోకుండా మార్చి ఆఖరులో విడుదల చేస్తుంది. మార్చి 29న డబ్బు పడితే యూసీలో వచ్చినదంతా మిగులుగానే కనిపిస్తుంది. అప్పుడు జమ పడిన తేదీ ఉన్న బ్యాంకు పత్రాన్ని యూసీతో పెట్టాలి. లేకపోతే, ఏడాదంతా డబ్బు దగ్గర పెట్టుకుని ఏమీ చేయలేదన్న ముద్ర పడి తర్వాతి విడతకు కత్తెర పడుతుంది.

మూడో ఏడాదికి వచ్చేసరికి ఈ మెమోలో చెప్పిన సౌకర్యమేదీ వర్తించదు. ప్రాజెక్టు ముగిసే తేదీతో మిగులుకు దారి మూసుకుపోతుంది. తుది యూసీతో పాటు మిగిలినదంతా తిరిగి కట్టాలి. పని ఇంకా ఉందనుకుంటే అదనపు డబ్బు అడగకుండా గడువు మాత్రమే పెంచమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ అది ముగింపు తేదీకి ముందే చేరాలి, అనుమతీ ముందే రావాలి. తేదీ దాటాక కొన్న ఒక్క సీసా యాసిడ్ బిల్లు కూడా ప్రాజెక్టు ఖాతాలో చెల్లదు. ఆ డబ్బు శాఖ తన సొంత నిధుల్లోంచి పెట్టుకోవాల్సిందే.