బుగ్గ మీది తేదీ

కోరాపుట్, రాయగడలలోని మన తెలుగువారి ఇళ్ళలో 1990ల నాటి ఆల్బమ్ తెరిస్తే, చాలా ఫోటోలకు కుడివైపు కింది మూల నారింజరంగు అంకెలు కనిపిస్తాయి. మా అత్తయ్యగారి ఫోటో ఇప్పుడు ఒక్కటే మిగిలింది. రాయగడ మజ్జిగౌరి గుడి దగ్గర, ఒళ్ళో మా పాపతో తీయించుకున్నది. దాన్ని పెద్దది చేసి పటం కట్టించాలి. కానీ '95 1 15 అన్న అంకెల్లో చివరివి సరిగ్గా పాప బుగ్గ మీదే పడ్డాయి.

నెగటివ్ దొరికితే బాగుండునని మావారు అన్నారు. దొరికినా లాభం లేదు. కెమెరా వెనుక మూతలోని చిన్న దీపం ఆ అంకెలను ఫిల్ము మీదే వెలుగుతో రాసేది. కనుక నెగటివ్‌లోనూ తేదీ ఉంటుంది.

ఫోటోను 600 డీపీఐలో స్కాన్ చేసి, టిఫ్‌గా దాచి, దాని నకలు మీద పని మొదలుపెట్టాను. ఉచితంగా దొరికే గింప్ సరిపోతుంది. గుడి ముందరి నేల మీది అంకెలకు Heal చాలు, రెండు నిమిషాల పని. బుగ్గ దగ్గర మాత్రం అది పనికిరాదు. పక్కనున్న రంగులను కలిపేస్తుంది కాబట్టి, పట్టుచీర అంచు ఎరుపు చర్మంలోకి పాకి మరకవుతుంది.

అసలు కిటుకు రంగులో ఉంది. నారింజరంగు వెలుగులో ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ కొంత, నీలం బహు తక్కువ. Colors > Components > Decompose నొక్కి RGB ఎంచుకుంటే ఫోటో మూడు నలుపు తెలుపు పొరలుగా విడిపోతుంది. ఎరుపు పొరలో అంకెలు తెల్లగా మెరిశాయి. నీలం పొరలో దాదాపు మాయం! బుగ్గ గుండ్రదనం, చిన్న సొట్ట అన్నీ అక్కడ భద్రంగా ఉన్నాయి.

ఆ నీలం పొరను అసలు ఫోటో మీద కొత్త పొరగా అతికించాను. దానికి నల్లటి మాస్కు పెట్టి, చిన్న బ్రష్షుతో అంకెల గీతల మీద మాత్రం తెలుపు పూశాను. చర్మం నీలం పొరలో నల్లబడుతుంది కనుక, చుట్టుపక్కల వెలుగుతో కలిసేదాకా Curves పైకి ఎత్తాలి. దానిపైన HSL Color మోడ్‌లో ఇంకో పొర వేసి, అంకె పక్కనున్న చర్మం రంగునే తీసి అద్దాను. చీర అంచుకు చీర రంగు వేరుగా తీసుకోవాలి. ఒకే రంగుతో సరిపెడితే అతుకు తెలిసిపోతుంది.

కొన్ని ఫోటోల్లో అంకె నడిమధ్య నీలం పొరలో కూడా తెల్లగా ఉంటుంది. అక్కడ కింది బొమ్మ కాలిపోయినట్టే. ఇక దిద్దేది ఊహే. మొహం మీదైతే నేను ఆ చుక్కను అలాగే వదిలేస్తాను.

తేదీ పోగొట్టుకోకండి. పటం వెనుక '15-1-1995, రాయగడ' అని పెన్సిలుతో రాశాను.