ఒకే ఎఫ్‌డీ వద్దు, అయిదుగా వేయండి

నెలనెలా ఖర్చులకు డబ్బు అవసరం లేనివారికి క్యుములేటివ్ ఎఫ్‌డీ మేలు. వడ్డీ మూడు నెలలకోసారి అసలులో కలుస్తుంది. 7 శాతం వడ్డీకి లక్ష వేస్తే అయిదేళ్లకు దాదాపు రూ.1,41,478 అవుతుంది. అదే వడ్డీని మూడు నెలలకోసారి చేతికి తీసుకుంటే రూ.1,750 చొప్పున మొత్తం రూ.35,000 వస్తుంది. పెన్షన్ లేనివారికి ఇదే ఆసరా.

చిక్కంతా మధ్యలో తీసేటప్పుడే. రూ.5 లక్షలు అయిదేళ్లకు 7 శాతానికి వేసి, వడ్డీ తీసుకుంటూ ఏడాదికే రద్దు చేశారనుకుందాం. చాలా బ్యాంకులు ఒప్పుకున్న 7 శాతం ఇవ్వవు. డిపాజిట్ వేసిననాటి ఏడాది రేటు 6.5 అయితే, అందులో 1 శాతం జరిమానా పోను 5.5 శాతమే లెక్కగడతాయి. మీకు రావాల్సింది రూ.27,500, అప్పటికే తీసుకున్నది రూ.35,000. తేడా రూ.7,500 అసలులోంచి కోసేస్తారు.

అందుకే ఆ సొమ్మును లక్ష చొప్పున ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదేళ్లకు విడగొట్టండి. ఏటా ఒకటి చేతికొస్తుంది. అవసరం లేకపోతే దాన్ని మళ్లీ అయిదేళ్లకు వేయండి. మధ్యలో అత్యవసరమొచ్చినా ఒక్కటి రద్దు చేస్తే చాలు, మిగతా నాలుగింటి వడ్డీ చెక్కుచెదరదు. వేసేముందు జరిమానా ఎంతో బ్యాంకులో తప్పక అడగండి.