కవరు ఎవరు విప్పుతున్నారు?

1990 డిసెంబరులో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, డిక్సన్ అనే చిన్న ఊరి పేరు మీద బ్యాంకులో ఒక ఖాతా తెరిచారు. పేరు చూస్తే మురుగుకాల్వల పనులకు పక్కన పెట్టిన నిధిలా ఉంటుంది. తెరిచింది పురపాలక సంస్థలో లెక్కలు చూసే అధికారిణి రీటా క్రండ్‌వెల్. అలాంటి ఖాతా ఒకటుందని మేయరుకు గానీ, కౌన్సిల్‌కు గానీ తెలియదు. 2012 ఏప్రిల్‌లో ఆమెను అరెస్టు చేసేనాటికి దాదాపు 16 వేల జనాభా ఉన్న ఆ ఊరి సొమ్ము 5.37 కోట్ల డాలర్లు మాయమైంది.

ఇలాంటి మోసాలను తవ్వితీసే ఫోరెన్సిక్ అకౌంటెంట్లు మొదట గుర్తుచేసుకునేది 'ఫ్రాడ్ ట్రయాంగిల్'. దీనికి మూలం డొనాల్డ్ క్రెస్సీ అనే నేరశాస్త్రవేత్త 1953లో వెలువరించిన పరిశోధన. నమ్మి అప్పగించిన డబ్బు కాజేసి జైలుకెళ్లినవాళ్లతో ఆయన మాట్లాడాడు. అందులో కొందరు ఇదే ఇల్లినాయ్‌లోని జోలియెట్ జైలు ఖైదీలు. వాళ్ల కథల్లో మూడు విషయాలు కనిపించాయి: పైకి చెప్పుకోలేని ఒత్తిడి, దొరకకుండా తీయగల అవకాశం, తనకు తాను చెప్పుకునే సమర్థన.

ఇందులో సమర్థన మనిషి లోపలిది. ఏ రసీదులోనూ కనపడదు. ఒత్తిడి కొంత కనపడుతుంది, కానీ తప్పుదోవ కూడా పట్టిస్తుంది. రీటా జీతం ఏడాదికి 80 వేల డాలర్ల చుట్టుపక్కల. ఆమె పెంచినవి దాదాపు 400 మేలుజాతి గుర్రాలు. ఊరంతా చూసింది, పోటీల్లో గెలిస్తే మెచ్చుకుంది కూడా. గుర్రాల మీదే బాగా గడిస్తోందని జనం సర్దిచెప్పుకున్నారు. పైగా ఇక్కడ ఉన్నది ఆశ తప్ప, క్రెస్సీ చెప్పిన లాంటి ఇబ్బంది కాదు. అందుకే నా మటుకు, కాగితం పెట్టి తేల్చుకోగలిగేది అవకాశం అనే కోణం ఒక్కటే.

ఆ అవకాశం ఎలా ఉందో చూద్దాం. మేయరు, కమిషనర్లు పూర్తికాలం పనిచేసేవాళ్లు కాదు. ఊరి నిధులను రీటా ముందు ఒక ఖాతాలోకి మళ్లించేది. అందులోంచి 'ట్రెజరర్' పేరున చెక్కు రాసి తన రహస్య ఖాతాలో వేసుకునేది. ఆడిటర్లకు చూపడానికి, రాష్ట్ర ప్రభుత్వం పంపినట్టుగా దొంగ బిల్లులు తయారుచేసేది. డబ్బెందుకు చాలడం లేదని కౌన్సిల్ అడిగితే, రాష్ట్రం నుంచి రావాల్సింది ఆలస్యమవుతోందని జవాబు. 2008లో ఒక్క ఏడాదే 58 లక్షల డాలర్లు తీసింది.

ఇక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ ఊరి పేరు మీద మొత్తం ఎన్ని ఖాతాలున్నాయి? దీన్ని లెక్కలు రాసే మనిషిని కాదు, బ్యాంకును అడగాలి. రెండోది బిల్లు గురించి. 'ఇది మీరే పంపారా?' అని రాష్ట్ర కార్యాలయానికి ఒక ఫోను చేస్తే సరిపోయేది. ఆడిటర్లు కాగితం ఉందా లేదా అని చూశారే తప్ప, అది ఎక్కడినుంచి వచ్చిందో చూడలేదు. మూడోది చిన్నగా కనిపిస్తుంది: బ్యాంకు స్టేట్‌మెంట్ కవరు ముందుగా ఎవరి చేతికి వెళుతోంది? డిక్సన్‌లో పురపాలక సంస్థ తపాలా రీటాయే తెచ్చుకునేది. ఆమె ఊళ్లో లేనప్పుడు బంధువొకరు తెచ్చేవారు. సెలవులో ఉండి కూడా కవర్ల గురించి ఇంత శ్రద్ధ ఎందుకని ఎవరికీ తోచలేదు.

చివరికి గుట్టు బయటపడింది కూడా సెలవులోనే. 2011లో ఆమె చాలా వారాలు సెలవు పెట్టినప్పుడు, ఆ పని చూస్తున్న ఒక ఉద్యోగిని ఊరి ఖాతాల స్టేట్‌మెంట్లన్నీ పంపమని బ్యాంకును కోరింది. వచ్చిన వాటిలో తనెప్పుడూ వినని ఖాతా ఒకటుంది. అందులోంచి పోయిన చెల్లింపులకూ ఊరి పనులకూ సంబంధమే లేదు. ఆమె మేయరుకు చూపింది, మేయరు ఎఫ్‌బీఐని కలిశాడు. తర్వాత కొన్ని నెలలు ఆ ఇద్దరూ రీటా ఎదుట ఏమీ తెలియనట్టే మసిలారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా కష్టమైన పని అదే అనిపిస్తుంది.

మన బ్యాంకుల్లో కీలక స్థానాల్లో ఉన్నవాళ్లను ముందుగా చెప్పకుండా, ఏడాదికోసారి కనీసం 10 పనిదినాలు వరసగా సెలవుపై పంపాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది ఇందుకే. ఆ రోజుల్లో కుర్చీలో మరొకరు కూర్చోవాలి, కవర్లు ఆ మనిషే విప్పాలి. పని పేరుకుపోయి, సెలవుపై వెళ్లినవాళ్ల కోసం అలాగే ఆగితే ఆ సెలవు వల్ల ఉపయోగం లేదు.

అయితే సెలవు పెట్టని ప్రతి గుమస్తా దొంగ కాదు. పని మీద ప్రేమ ఉండొచ్చు, ఇంట్లో గొడవలు ఉండొచ్చు. రెడ్ ఫ్లాగ్ చెప్పేది ఎక్కడ అడగాలో మాత్రమే. జవాబు మూడో మనిషి దగ్గర్నుంచి రావాలి.

2013లో రీటాకు 19 ఏళ్ల 7 నెలల శిక్ష పడింది. గుర్రాలను వేలం వేశారు. ఊరు వేసిన దావాలో ఆడిట్ సంస్థలు, బ్యాంకు కలిపి సుమారు 4 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. అందులో ఎక్కువ భాగం ఆడిటర్ల వాటాయే.