ఫొటో లేకుండా గదిని వర్ణించడం

ఇంటీరియర్ సలహా అడిగేవారు సాధారణంగా ‘పది బై పన్నెండు గది, రెండు తలుపులు, ఒక కిటికీ’ అని రాసి ఊరుకుంటారు. ఫొటో కూడా లేనప్పుడు ఆ మాటలతో మంచం ఎక్కడ వేయాలో ఎవరూ చెప్పలేరు. గదిలో ఏముందన్నది కాదు, ఏది ఏ మూల నుంచి ఎంత దూరంలో ఉందన్నదే అసలు సమాచారం.

వర్ణన గుమ్మం దగ్గర మొదలుపెట్టి, గోడ వెంట గోడగా ఒకే వైపుకు తిరిగి రావాలి. కుడి, ఎడమ అంటే నిలబడ్డ చోటును బట్టి మారిపోతాయి కాబట్టి దిక్కులు చెప్పడం మేలు.

పై గదినే తీసుకుంటే: తూర్పు గోడ 10 అడుగులు. ఈశాన్య మూలకు 4 అంగుళాల దూరంలో 3 అడుగుల గుమ్మం. తలుపు లోపలికి తెరుచుకుని ఉత్తర గోడకు ఆనుతుంది. దక్షిణ గోడ 12 అడుగులు, ఖాళీ. పడమటి గోడలో నైరుతి మూల నుంచి 3 అడుగులు వదిలి 4 అడుగుల కిటికీ. దాని అడుగు అంచు నేలకు 3 అడుగుల ఎత్తున ఉంది. ఉత్తర గోడలో వాయవ్య మూలకు అర అడుగు దూరంలో రెండున్నర అడుగుల బాత్‌రూమ్ తలుపు. అది బాత్‌రూమ్ లోపలికే తెరుచుకుంటుంది.

ఇప్పుడు లెక్క తేలుతుంది. ఉత్తర గోడ 9 అడుగులు ఖాళీ అనిపించినా, తెరిచిన తలుపు 3 అడుగులు తినేస్తుంది. వార్డ్‌రోబ్‌కు మిగిలేది 6 అడుగులే. దాని లోతు 2 అడుగులు. ఎదురుగా దక్షిణానికి తల పెట్టి ఆరున్నర అడుగుల మంచం వేస్తే మధ్యలో అడుగున్నరే మిగులుతుంది. అక్కడ నిలబడి వార్డ్‌రోబ్ తలుపు తెరవడం కష్టం. అదే 5 అడుగుల వెడల్పు మంచాన్ని పడమటి గోడకు తల చేసి, దక్షిణ గోడకు ఆనించి వేస్తే 3 అడుగుల దారి దొరుకుతుంది. గోడవైపు పడుకునేవారు దిగడానికి ఇబ్బందే, కానీ ఈ గదిలో అంతకు మించి కుదరదు.

ఇవన్నీ కాక పైకప్పు ఎత్తు, కిందికి దిగిన బీము, మూలలో పొడుచుకొచ్చిన పిల్లర్, స్విచ్‌బోర్డులు, ఏసీ పాయింట్ కూడా రాయాలి. బిల్డర్ ఇచ్చిన ప్లాన్‌లోని అంకెల్ని నమ్మకుండా ప్లాస్టరింగ్ అయిన గోడ నుంచి గోడకు టేపు పట్టాలి.

అంకెలు రాయడంలోనూ ఒక చిక్కుంది. 10.6 అని రాస్తే పది అడుగుల ఆరు అంగుళాలా, పదిన్నర దాటిన దశాంశమా తెలియదు. రెండోదైతే 10 అడుగుల 7 అంగుళాల పైమాటే. గోడ నుంచి గోడకు బిగించే వార్డ్‌రోబ్‌కు ఆ అంగుళం చాలు, పట్టకుండా పోవడానికి. అడుగులు, అంగుళాలు విడివిడిగా రాయాలి.

పంపే ముందు ఒక్కో గోడలోని ముక్కల్ని కూడి చూడాలి. పడమటి గోడలో 3, 4, మళ్లీ 3 కలిపితే 10 రావాలి. ఆ తర్వాత మూల నుంచి ఎదురు మూలకు టేపు పట్టాలి. మూలలు సరిగ్గా ఉంటే ఈ గదిలో రెండు కొలతలూ 15 అడుగుల ఏడున్నర అంగుళాలకు దగ్గరగా వస్తాయి. రెండింటి మధ్య తేడా ఉంటే గది వంకర. ఆ సంగతి కూడా రాసి పంపాలి.