రద్దు నొక్కాక ఏం జరగాలి?

కథలు వినిపించే యాప్ ఒకటి ఉందనుకుందాం. నెల చందా 299 రూపాయలు. ఏప్రిల్ 10న డబ్బు కట్టిన చందాదారు 18వ తేదీన రద్దు బటన్ నొక్కారు. ఆ క్షణమే కథలు ఆగిపోతే ఆయన కోపగించుకోవడంలో తప్పేముంది? మే 10 వరకూ డబ్బు కట్టేశారు. ఇంకా 22 రోజులు ఆయనకు రావాలి.

ఇలా జరగడానికి కారణం చాలాసార్లు దురుద్దేశం కాదు, బద్ధకపు డిజైన్. డేటాబేసులో చందాకి ‘స్థితి’ అని ఒకే గడి పెడతారు. రద్దు నొక్కగానే అందులో ‘రద్దయింది’ అని రాస్తారు. కథ తెరిచే ముందు యాప్ చూసేది కూడా ఆ గడినే కాబట్టి తలుపు మూసేస్తుంది. నిజానికి అక్కడ ఉన్నవి మూడు ప్రశ్నలు. మళ్లీ డబ్బు వసూలు చేయాలా? ఎప్పటివరకు వాడుకోనివ్వాలి? కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వాలా? రద్దు బటన్ జవాబిచ్చేది మొదటి ప్రశ్నకు మాత్రమే.

అందుకే వాడుకునే హక్కును స్థితితో కాకుండా తేదీతో చూడాలి:

```
if now < access_until:
    play()
```

డబ్బు అందిన ప్రతిసారీ ఈ గడువు ముందుకు జరుగుతుంది. రద్దు దాన్ని ముట్టుకోదు. స్ట్రైప్ వంటి చెల్లింపు సంస్థల దగ్గర దీనికి `cancel_at_period_end` అనే మీట ఉంది. దాన్ని `true` చేస్తే చందా గడువు దాకా నడిచి, ఆ తర్వాత తనంతట తాను ముగుస్తుంది. తెర మీద మాత్రం ‘రద్దయింది’ అని ఊరుకోకూడదు. ‘మే 10 దాకా వినవచ్చు, ఆ తర్వాత డబ్బు తీసుకోం’ అని తేదీతో చెప్పాలి. ఇది కనిపించకపోతే, రద్దయిందో లేదోనని జనం మళ్లీ మళ్లీ నొక్కుతారు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తారు. ఇక బటన్‌ని పది తెరల వెనుక దాచేవారి సంగతి వేరు. 2023 నవంబరు 30న మన దేశంలో ప్రకటించిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో నిషిద్ధమైన 13 ఎత్తుగడల్లో చందా ఉచ్చు ఒకటి.

రీఫండ్ దగ్గర పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. ఏడాదికి 1,200 రూపాయల చందా జూన్ 1న తనంతట తాను కొనసాగింది. మూడో తేదీన ఎస్సెమ్మెస్ చూసుకున్న మనిషి, ‘నాకొద్దు, నా డబ్బు ఇచ్చేయండి’ అన్నారు. సిబ్బంది రీఫండ్ మాత్రం చేసి వదిలేస్తే చందా బతికే ఉంటుంది. వచ్చే జూన్‌లో మళ్లీ 1,200 పోతాయి. రద్దు మాత్రం చేస్తే డబ్బు రాదు. పూర్తి డబ్బు వెనక్కి ఇచ్చినప్పుడు రెండూ చేసి, గడువును కూడా ఆ రోజుకే కుదించాలి. లేదంటే డబ్బూ ఆయన దగ్గరే, ఏడాది కథలూ ఆయన దగ్గరే. పైగా రీఫండ్ నొక్కగానే డబ్బు ఖాతాలో పడదు. బ్యాంకుకు చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకని ‘పంపాం’, ‘చేరింది’ అనే రెండు దశలు విడిగా చూపాలి. ఒక చెల్లింపుకి ఒకే రీఫండ్ అభ్యర్థన సంఖ్య ఉండాలి. అప్పుడు ఎవరైనా రెండుసార్లు నొక్కినా డబ్బు ఒకసారే వెళ్తుంది.

మనసు మార్చుకున్నవారి సంగతి గడువును బట్టి మారుతుంది. ఏప్రిల్ 25న తిరిగొస్తే ఆ మీటను `false` చేస్తే చాలు. ఇప్పుడు ఒక్క రూపాయీ తీసుకోకూడదు, తర్వాతి వసూలు మే 10నే. జూన్‌లో వస్తే పాత చందా ముగిసిపోయింది కాబట్టి అది కొత్త చేరిక. డబ్బు ఆ రోజే, నెల లెక్కా ఆ రోజు నుంచే. అందుకే మొదటి బటన్ మీద ‘కొనసాగించండి’ అనీ, రెండో దాని మీద ‘299 కట్టి మళ్లీ చేరండి’ అనీ రాయాలి. మన దగ్గర ఇంకో చిక్కుంది. చాలామంది యాప్‌లోకి రాకుండా నేరుగా యూపీఐ యాప్‌లోకి వెళ్లి ఆటోపే అనుమతినే తీసేస్తారు. ఆ వార్త అందగానే మన యాప్ దాన్ని రద్దుగా లెక్కించాలి. తర్వాత వారు ‘కొనసాగించండి’ నొక్కితే మీట తిప్పడం సరిపోదు, కొత్త అనుమతి అడగాలి. లేకపోతే తెర మీద అంతా బాగుందని కనిపించి, మే 10న వసూలు విఫలమవుతుంది.

అన్నిటికన్నా తికమక పెట్టేది చివరి రోజు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆటోమేటిక్ వసూలుకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం వెళ్లాలి. చాలామందికి చందా గుర్తొచ్చేది ఆ మెసేజ్ చూశాకే. మే 9 రాత్రి రద్దు నొక్కుతారు. వసూలు ఆదేశం అప్పటికే బయల్దేరి ఉండొచ్చు, పొద్దున్నే 299 పడొచ్చు. కాబట్టి డబ్బు అందినట్టు కబురు వచ్చినప్పుడు గడువును గుడ్డిగా ముందుకు జరపకూడదు. రద్దు సమయం గడువుకి ముందే నమోదై ఉందా అని చూడాలి. ఉంటే గడువును కదపకుండా, ఎవరూ అడగక ముందే ఆ 299ని వెనక్కి పంపి, పంపినట్టు మెసేజ్ పెట్టాలి. ఆ రద్దు సమయం సర్వర్ గడియారానిదై ఉండాలి, చందాదారు ఫోన్‌లోది కాదు.