స్కాన్ రిపోర్టులో ‘ఆర్‌వీ యుటెరస్’ అని ఉందా? నడుం నొప్పికి అసలు కారణం అదేనా..?

ఉప్పల్‌లో అయినా, నాచారంలో అయినా పొత్తికడుపు స్కాన్ చేయించుకున్నాక కొందరు మహిళలను కంగారు పెట్టే లైన్ ఒకటుంది. ‘యుటెరస్ రెట్రోవర్టెడ్’. కొన్ని రిపోర్టుల్లో పొట్టిగా ‘ఆర్‌వీ’ అని రాస్తారు. అంటే గర్భసంచి వెనక్కి వంగి ఉందని అర్థం. ఏళ్లుగా నడుం నొప్పి ఉన్నవాళ్లు, కలయిక సమయంలో నొప్పి వస్తున్నా ఎవరికీ చెప్పుకోలేనివాళ్లు ఇక కారణం దొరికేసిందని అనుకుంటారు. కానీ చాలాసార్లు అసలు కారణం అది కాదు.

ఎక్కువ మందిలో గర్భసంచి ముందుకు, అంటే మూత్రాశయం మీదకు వంగి ఉంటుంది. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి మాత్రం వెనక్కి, వెన్నెముక వైపు వంగి ఉంటుంది. కొందరు ఎడమ చేతివాటంతో పుడతారు కదా, ఇదీ అలాంటి తేడానే. పైగా గర్భసంచి ఒకేచోట బిగించి ఉండదు. మూత్రాశయం నిండితే కాస్త వెనక్కి జరుగుతుంది, ఖాళీ అయితే మళ్లీ ముందుకొస్తుంది. నీళ్లు బాగా తాగించి తీసే స్కాన్‌లో ఒకలా, మరో రోజు తీసిన స్కాన్‌లో ఇంకోలా రాయడానికి ఇదీ ఓ కారణమే. దీనివల్ల పిల్లలు పుట్టరన్న మాటలోనూ నిజం లేదు.

కదులుతోందా? అతుక్కుపోయిందా?

డాక్టర్ తేల్చుకోవాల్సిన అసలు ప్రశ్న ఇది. వెనక్కి వంగినా ఫ్రీగా కదులుతుంటే భయం లేదు. వెనకున్న పేగుకు అతుక్కుని కదలకుండా ఉంటే మాత్రం తేడా ఉన్నట్టే. ఎండోమెట్రియోసిస్, పాత ఇన్ఫెక్షన్, గతంలో జరిగిన ఆపరేషన్.. వీటివల్ల అలా అతుక్కుపోవచ్చు. అప్పుడు నొప్పి వచ్చేది వంపు వల్ల కాదు, దాన్ని అలా పట్టి ఉంచిన జబ్బు వల్ల. గైనకాలజిస్టు చేత్తో పరీక్షించి కదలిక చూస్తారు. లోపలి నుంచి చేసే టీవీఎస్ స్కాన్‌లో ప్రోబ్‌తో మెల్లగా నొక్కినప్పుడు గర్భసంచి, పేగు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయో లేదో కూడా తెలుస్తుంది. మామూలు రిపోర్టులో ‘ఆర్‌వీ’ అన్న రెండు అక్షరాలు ఈ సంగతి చెప్పవు.

ఉదాహరణకు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో రోజంతా నిలబడి ప్యాకింగ్ చేసే 31 ఏళ్ల మహిళను ఊహించుకుందాం. సాయంత్రానికి నడుం లాగేస్తుంది, ఆదివారం పడుకుంటే తగ్గుతుంది. నెలసరికీ దీనికీ సంబంధం కనిపించదు. ఇది కండరాలు, వెన్ను నుంచి వచ్చే నొప్పి అయ్యే అవకాశమే ఎక్కువ. కావాల్సింది ఫిజియోథెరపీ, పనిలో మధ్యమధ్యలో కూర్చునే వీలు. అదే మహిళకు పీరియడ్స్‌కు రెండు రోజుల ముందే నొప్పి మొదలై, ఆ రోజుల్లో మలవిసర్జన కూడా కష్టమవుతుంటే ఎండోమెట్రియోసిస్‌ను అనుమానించాలి.

కలయికలో నొప్పి విషయంలోనూ ఎక్కడ అన్నదే ముఖ్యం. మొదట్లోనే మంటగా, బిగుసుకుపోయినట్టు ఉంటే పొడిబారడం, ఇన్ఫెక్షన్, కాన్పు కుట్ల మచ్చ, కటి కండరాలు పట్టేయడం లాంటివి చూడాలి. గర్భసంచి వంపుతో వీటికి సంబంధం లేదు. బాగా లోపల తగిలినట్టు నొప్పి వచ్చి, భంగిమ మారిస్తే పోతుంటే దానికి వంపు కారణం కావొచ్చు. అలాంటప్పుడు లోతు తన చేతిలో ఉండే భంగిమ చాలామందికి సరిపోతుంది. ఎలా మార్చినా నొప్పి పోకపోతే పరీక్ష తప్పనిసరి. డాక్టర్ దగ్గర సిగ్గుపడి ‘నడుం నొప్పి’ అని మాత్రమే చెబితే ఈ తేడా పట్టుకోవడం వాళ్లకూ కష్టమే.

ఇక ఆపరేషన్ మాట. వంపును సరిచేయాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1880లలో లివర్‌పూల్ సర్జన్ విలియం అలెగ్జాండర్ గర్భసంచిని పట్టి ఉంచే లిగమెంట్లను బిగించే ఆపరేషన్ చేశారు. తర్వాత దశాబ్దాల పాటు నడుం నొప్పికి ఇలాంటివి విపరీతంగా చేశారు. నొప్పి మాత్రం చాలామందికి పోలేదు. దాంతో ఆ పద్ధతి మూలన పడింది.

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడున్న ముప్పు వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశవ్యాప్తంగా 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9, తెలంగాణలో సుమారు 8 శాతం. అనవసర ఆపరేషన్లను అడ్డుకునే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది కూడా. ‘గర్భసంచి వంగింది, తీసేస్తే నొప్పి పోతుంది’ అని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకుండా రెండో డాక్టర్‌కు చూపించాలి. ఈఎస్ఐ కార్డు ఉన్న కార్మిక కుటుంబాలకు నాచారం ఈఎస్ఐ ఆస్పత్రి దగ్గర్లోనే ఉంది. కేవలం వంపు కోసం గర్భసంచి తీయరు. కండరాల నుంచి వచ్చే నడుం నొప్పి తీసేసినా అలాగే ఉంటుంది. అండాశయాలు కూడా తీసేస్తే వెంటనే మెనోపాజ్ వచ్చేసి ఎముకలు బలహీనపడతాయి.

ఒక్క సందర్భంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. గర్భంతో ఉన్నప్పుడు వెనక్కి వంగిన గర్భసంచి సాధారణంగా మూడో నెల దాటేసరికి దానంతటదే పైకి లేస్తుంది. చాలా అరుదుగా కటి ఎముకల మధ్య ఇరుక్కుపోతుంది. నాలుగో నెలలో మూత్రం వచ్చినట్టే ఉండి రాకపోవడం, చుక్కలు చుక్కలుగా పడటం, కింది పొట్ట ఉబ్బి నొప్పి పెట్టడం దానికి గుర్తులు. అప్పుడు ఓపీ టైమ్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. అక్కడ ముందు ట్యూబ్ వేసి మూత్రం తీసేస్తారు. చాలామందిలో ఆ తర్వాత గర్భసంచిని ఆపరేషన్ లేకుండానే పైకి జరపగలుగుతారు.